మూడు వేల కిస్తీ, ముప్పై ఆరు నెలల మచ్చ

భారతీయ రిజర్వ్ బ్యాంక్ హైదరాబాద్ ప్రాంతీయ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నేను హనుమకొండ వాసిని. బ్యాంకులో లోన్ల సీటు చూసి రిటైరయ్యాను. ఆ సంగతి తెలిసినవాళ్లు ఇప్పటికీ కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. ఒకప్పుడు వ్యవసాయ రుణాల మాఫీ గురించో, బంగారం మీద అప్పు గురించో అడిగేవారు. ఈమధ్య వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంకా పెళ్లికాని పిల్లలే. చేతిలో క్రెడిట్ రిపోర్ట్ ప్రింటు ఉంటుంది. బండి లోనో, ఇంటి లోనో, చెల్లెలి చదువుకు అడిగిన లోనో ఆగిపోయి ఉంటుంది. ఎక్కడ దెబ్బ తగిలిందా అని రిపోర్ట్ తిరగేస్తే చాలాసార్లు ఒక సెల్‌ఫోన్ దగ్గరికో, ఒక ఎయిర్ కూలర్ దగ్గరికో వెళ్లి ఆగుతాం. అప్పటికి ఆ ఫోన్ వాళ్ల చేతిలో కూడా ఉండదు.

వీళ్లు అప్పు ఎగ్గొట్టాలనుకున్నవాళ్లు కాదు. ఎనిమిది కిస్తీల్లో ఏడు సక్రమంగా కట్టినవాళ్లు. ఆ ఒక్క కిస్తీ ఎలా తప్పిందో, తప్పిన సంగతి వాళ్లకు తప్ప మిగతా అందరికీ ఎలా తెలిసిందో మీ ముందు పెట్టాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు కొత్త చట్టం తేవాల్సిన పని పెద్దగా లేదు. మీ సంస్థ ఇప్పటికే రాసిన నిబంధనలు మా ఊరి దుకాణం కౌంటర్ దాకా రావాలన్నదే నా విన్నపం.

ముందు ఆ కౌంటర్ దగ్గర జరిగేది చెప్తాను. హనుమకొండ చౌరస్తాలోనైనా, వరంగల్ స్టేషన్ రోడ్డులోనైనా, కాజీపేటలోనైనా ఫోన్ల దుకాణంలోకి వెళ్తే ధర కంటే ముందు వినిపించేది కిస్తీ. "అన్నా, ఇప్పుడు ఒక్క రూపాయి కట్టేది లేదు, నెలకు మూడు వేలే" అంటారు. పక్కనే ఫైనాన్స్ అబ్బాయి కూర్చుని ఉంటాడు. పాన్ నంబర్, ఆధార్ ఓటీపీ, ఒక సెల్ఫీ, బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా డబ్బు కోసుకునేందుకు ఒక ఆటో డెబిట్ అనుమతి, ఆపైన ఇంకో ఓటీపీ. పావుగంటలో ఫోన్ చేతికొస్తుంది. కొన్న కుర్రాడు ఆ ఫోన్ దుకాణం వాళ్ల దగ్గర వాయిదాల మీద తీసుకున్నాననే అనుకుంటాడు. నిజానికి దుకాణానికి రావాల్సిన సొమ్ము వచ్చేసింది, దాని పాత్ర అక్కడితో ముగిసింది. ఆ కుర్రాడు ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గరో, బ్యాంకు దగ్గరో అప్పు తీసుకున్నాడు. చివరి ఓటీపీ అప్పు పత్రం మీద అతని సంతకం. ఆ కంపెనీ పేరు అడిగితే చాలామంది చెప్పలేరు.

ఆన్‌లైన్‌లో "ఇప్పుడు కొను, తర్వాత కట్టు" అని వచ్చేది కూడా ఇదే. ఇది అప్పు అవునా కాదా అన్న సందేహాన్ని మీ సంస్థే 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాల మార్గదర్శకాలతో తీర్చింది. అమ్మకందారు వేదిక మీద ఇచ్చే స్వల్పకాలిక రుణమైనా, వాయిదా చెల్లింపైనా క్రెడిట్ సమాచార సంస్థలకు తెలియజేయాల్సిందేనని చెప్పింది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు సంస్థల దగ్గరికీ ఆ వివరం వెళ్తుంది. నలభై లక్షల ఇంటి రుణానికి ఒక వరుస ఉన్నట్టే ఇరవై నాలుగు వేల ఫోన్‌కూ ఆ రిపోర్టులో ఒక వరుస ఉంటుంది. ఆ నిర్ణయం సరైనదే. అయితే అది కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పని నిజం.

ఇక కిస్తీ తప్పడం ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణతో చూపిస్తాను. అంకెలు నేను వేసినవి. వరస మాత్రం నా దగ్గరికి వచ్చిన రిపోర్టుల్లో మళ్లీ మళ్లీ చూసినదే.

ఒక ప్రైవేటు ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేసే కుర్రాడు ఫిబ్రవరిలో 24,000 రూపాయల ఫోన్ తీసుకున్నాడనుకుందాం. నెలకు మూడు వేల చొప్పున ఎనిమిది కిస్తీలు, మార్చి 5 నుంచి అక్టోబరు 5 దాకా. జీతం ఏడో తారీఖున పడుతుంది. కిస్తీ ఐదో తారీఖున కట్ అవుతుంది. ఈ రెండు తేదీల మధ్య ఉన్న రెండు రోజుల తేడాను కౌంటర్ దగ్గర ఎవరూ పట్టించుకోలేదు. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో ఖాతాలో ఎంతో కొంత నిలవ ఉంది కాబట్టి గడిచిపోయింది. జూన్ 5న ఖాతాలో 2,740 రూపాయలున్నాయి. తక్కువైంది 260 రూపాయలే. కానీ ఆటో డెబిట్ ఉన్నంత తీసుకుని మిగతాది తర్వాత అడగదు. మొత్తం రాకపోతే మొత్తం తిప్పి పంపుతుంది. కిస్తీ బౌన్స్ అయింది.

ఆ రోజే రెండు చార్జీలు పుడతాయి. ఖాతా ఉన్న బ్యాంకు వేసేది ఒకటి. అది 250 రూపాయలనుకుంటే జీఎస్టీతో కలిపి 295. అప్పిచ్చిన కంపెనీ వేసే బౌన్స్ చార్జీ ఇంకొకటి, అది 500 అనుకుందాం. 260 రూపాయల లోటుకు ఎనిమిది వందల దాకా భారం పడింది. అయినా డబ్బు నష్టం ఇందులో చిన్న భాగమే.

ఏడో తారీఖున జీతం పడింది. ఇప్పుడు ఖాతాలో డబ్బుంది కాబట్టి వాళ్లే కోసుకుంటారని కుర్రాడు అనుకున్నాడు. కంపెనీ మళ్లీ ఆటో డెబిట్ పంపవచ్చు, పంపకపోవచ్చు. పంపలేదనుకుందాం. జూలై 5న మూడు వేలు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరులోనూ వచ్చింది. కుర్రాడి లెక్కలో అన్నీ సజావుగా ఉన్నాయి. కంపెనీ లెక్క వేరు. వచ్చిన డబ్బు సాధారణంగా అన్నిటికంటే పాత బాకీకి జమ అవుతుంది. జూలైలో కట్టిన మూడు వేలు జూన్ కిస్తీకి వెళ్లింది. దాంతో జూలై కిస్తీ బాకీ పడింది. ఆగస్టులో కట్టినది జూలైకి వెళ్లింది, ఆగస్టు బాకీ పడింది. జూన్‌లో తప్పింది ఒక్కసారే అయినా ఆ తర్వాత ప్రతి నెలా ఒక కిస్తీ ఆలస్యంగానే నడిచింది.

క్రెడిట్ రిపోర్టులో గడువు దాటిన రోజులకు ఒక గడి ఉంటుంది. దాన్ని డీపీడీ అంటారు. సిబిల్ రిపోర్టులో నెలకొక గడి చొప్పున ముప్పై ఆరు నెలల దాకా కనిపిస్తాయి. సక్రమంగా కట్టిన నెలలో సున్నాలుంటాయి. మన కుర్రాడికి జూన్ నెలాఖరున పాతిక రోజులు, జూలై నెలాఖరున ఇరవై ఆరు, ఆగస్టులో ఇరవై ఆరు, సెప్టెంబరులో పాతిక. ఒక్కసారి తప్పితే ఒకే గడిలో మచ్చ పడాలని మనం అనుకుంటాం. వరసగా నాలుగు గడుల్లో పడింది. రిపోర్ట్ చూసే బ్యాంకు అధికారికి అది 260 రూపాయల లోటులా కనిపించదు. ప్రతి నెలా ఆలస్యంగా కట్టే మనిషి అలవాటులా కనిపిస్తుంది.

అసలు దెబ్బ అక్టోబరు తర్వాత తగులుతుంది. అక్టోబరు 5న కట్టినది సెప్టెంబరుకు జమైంది. ఎనిమిదో కిస్తీ మిగిలిపోయింది. ఇకమీదట ఆటో డెబిట్ రావాల్సిన తేదీలు లేవు. కుర్రాడు లోన్ అయిపోయిందని యాప్ తీసేశాడు. అక్టోబరు నెలాఖరున ఇరవై ఆరు రోజులు, నవంబరు నెలాఖరున యాభై ఆరు, డిసెంబరు నెలాఖరున ఎనభై ఏడు. జనవరి మొదటి వారంలో తొంభై రోజులు దాటింది. మీ నిబంధనల ప్రకారం ఆ ఖాతా ఎన్‌పీఏ. 24,000లో 21,000 కట్టిన మనిషి, వారం ఆలస్యం చేయాలని కూడా అనుకోని మనిషి, మొండి బాకీదారుల వరసలో చేరాడు. ఆ ఖాతా మళ్లీ మామూలు ఖాతా కావాలంటే బాకీ మొత్తం తీరాలి. 2021 నవంబరులో మీరిచ్చిన స్పష్టీకరణ అదే చెప్తోంది. కొంత కడితే సరిపోదు.

ఇన్ని నెలల్లో ఎవరూ ఫోన్ చేయలేదా అని మీరడగవచ్చు. చేసే ఉంటారు. తెలియని నంబర్ నుంచి, కొన్నిసార్లు మన భాష కాని భాషలో, "మీ లోన్ పెండింగ్ ఉంది, ఈ లింక్ నొక్కి కట్టండి" అని. అలాంటి ఫోన్ ఎత్తొద్దు, అలాంటి లింక్ నొక్కొద్దు అని పోలీసులూ, బ్యాంకులూ, మీ సంస్థా రోజూ చెప్తున్నాయి. ఆ మాట విన్నందుకు ఈ పిల్లలు నష్టపోతున్నారు. మెసేజ్ ఇంగ్లిషులో, పొట్టి అక్షరాల్లో, ఏ ఫోన్ తాలూకు అప్పో, ఏ నెల కిస్తీయో చెప్పకుండా వస్తుంది. నిజమైన హెచ్చరికకూ మోసపు మెసేజికీ తేడా తెలియదు. "పైసలు కట్ అయినయి కద సార్, ఫ్రాడ్ కాల్ అనుకున్న" అనే మాట నేను చాలామంది నోట విన్నాను. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు.

మా ఊళ్లో ఇది ఎందుకంత బరువైన విషయమో కూడా చెప్పాలి. హనుమకొండ పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల ఊరు. చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చి, గదులు అద్దెకు తీసుకుని, ఏళ్ల తరబడి బ్యాంకు పరీక్షలకు తయారయ్యేవాళ్లున్నారు. ఆన్‌లైన్ క్లాసుల కోసం కిస్తీల మీద ఫోనో, ట్యాబో కొనేదీ వాళ్లే. బ్యాంకు ఉద్యోగాల నియామకాల్లో ఇప్పుడు అభ్యర్థి క్రెడిట్ చరిత్ర కూడా చూస్తున్నారు. చేరే సమయానికి క్రెడిట్ చరిత్ర బాగుండాలనీ, రిపోర్టులో చెడుగా ఉన్న ఖాతాలుంటే సరిచేయించుకోవాలనీ లేదా అప్పిచ్చినవారి నుంచి బాకీ లేదన్న పత్రం తేవాలనీ ఐబీపీఎస్ ప్రకటనల్లో ఉంటుంది. ఎస్‌బీఐ నిబంధన ఇంకా కఠినం. 2025 జూన్‌లో మద్రాస్ హైకోర్టు ముందుకొచ్చిన కేసులో, సిబిల్ రిపోర్ట్ ప్రతికూలంగా ఉందని ఎస్‌బీఐ ఒక అభ్యర్థి నియామకాన్ని రద్దు చేయడాన్ని కోర్టు సమర్థించింది. బాకీలన్నీ తీర్చేశానన్న అతని వాదన నిలవలేదు. అప్పు తీర్చడం ఒకటి, తీర్చడంలో క్రమశిక్షణ ఇంకొకటి అన్నది ఆ తీర్పులోని సారం. ఆ సూత్రాన్ని నేను తప్పుపట్టను. కానీ క్రమశిక్షణ లేనివాడినీ, సంగతి తెలియనివాడినీ రిపోర్టులోని గడి వేరు చేసి చూపించదు. అందుకే సంగతి తెలిసేలా చేయడం అప్పిచ్చినవారి బాధ్యత కావాలి.

ఇంకో ఉచ్చు గురించి కూడా చెప్తాను. బాకీ బయటపడ్డాక వసూలు ఏజెంటు వస్తాడు. చార్జీలతో కలిపి ఐదు వేలయింది, మూడు వేలిస్తే క్లోజ్ చేయిస్తా అంటాడు. కుర్రాడు సంతోషంగా ఇస్తాడు. రిపోర్టులో ఆ ఖాతా "క్లోజ్డ్" అని కాకుండా "సెటిల్డ్" అని పడుతుంది. అంటే ఇవ్వాల్సింది మొత్తం ఇవ్వలేదు, కంపెనీ కొంత వదులుకుంది అని అర్థం. తర్వాత ఏ బ్యాంకు వాడు చూసినా ఆ మాట దగ్గర ఆగుతాడు. రెండు వేలు మిగిలాయనుకున్నవాడు ఇంటి రుణం అడిగే రోజున అంతకు ఎన్నో రెట్లు వడ్డీ రూపంలో కట్టవచ్చు, అసలు రుణమే దొరకకపోవచ్చు. ఆ రెండు మాటల తేడా ఏజెంటు చెప్పడు.

అయ్యా, ఇప్పుడు నా విన్నపాలు. మూడే.

మొదటిది కౌంటర్ దగ్గరి పత్రం. రిటైల్ రుణాలన్నిటికీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో మీరే ఆదేశించారు. ఆ అక్టోబరు 1 నుంచి కొత్త రుణాలకు అది తప్పనిసరైంది. వార్షిక వడ్డీ రేటు, కిస్తీల పట్టిక, ఆలస్యమైతే పడే చార్జీలు, ఫిర్యాదు అధికారి ఫోన్ నంబర్ అందులో ఉండాలి. రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలి. దాన్ని అతనికి వివరించి, అర్థమైందని రాయించుకోవాలి. వారం, అంతకుమించిన గడువున్న రుణానికి ఆ పత్రంలోని షరతులు కనీసం మూడు పని దినాలు చెల్లాలి, అంటే ఆలోచించుకునే వ్యవధి అతనికి హక్కుగా ఉంది. ఇంత మంచి నిబంధన మా ఊరి కౌంటర్ దగ్గర పావుగంటలో వచ్చే ఓటీపీల మధ్య ఇంగ్లిషు పీడీఎఫ్‌గా మారి మెయిల్‌లోకి వెళ్తోంది. ఆ మెయిల్ ఎవరూ తెరవరు. తెలుగులో, ఒకే పేజీలో, కాగితం మీద ఇవ్వాలి. కిస్తీ తేదీని జీతం తేదీని బట్టి ఎంచుకునే వీలు అక్కడే ఉండాలి. ఆ ఒక్క మార్పుతోనే పైన చెప్పిన కుర్రాడి కథ మొదలుకాకుండా ఆగేది.

ఇది మీ చేతిలో లేని పని కాదు. 2023 నవంబరులో బజాజ్ ఫైనాన్స్ రెండు పథకాల కింద కొత్త రుణాలివ్వడాన్ని మీ సంస్థ ఆపింది. ఆ రుణగ్రహీతలకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వకపోవడమే ప్రధాన కారణంగా చెప్పింది. లోపాలు సరిదిద్దుకున్నాక 2024 మేలో ఆ ఆంక్ష ఎత్తేసింది. దేశంలోని పెద్ద కంపెనీ విషయంలోనే అంత గట్టిగా నిలబడిన సంస్థ, హనుమకొండ చౌరస్తాలో మామూలు కొనుగోలుదారులా ఒక మనిషిని పంపి ఆ పత్రం ఏ భాషలో ఇస్తున్నారో చూడగలదు.

రెండోది హెచ్చరిక. గడువు దాటిన వివరాన్ని క్రెడిట్ సంస్థలకు పంపేటప్పుడు రుణగ్రహీతకు ఎస్సెమ్మెస్ గానీ, మెయిల్ గానీ పంపాలని 2023 అక్టోబరులో ఆదేశించారు. సంతోషం. కానీ పంపేటప్పుడు చెప్తే అప్పటికే ఆలస్యమైనట్టే. 2025 జనవరి నుంచి వివరాలు పక్షానికొకసారి వెళ్తున్నాయి, పదిహేనో తారీఖు నాటి స్థితి ఒకసారి, నెలాఖరు నాటిది ఇంకోసారి. ఐదో తారీఖున బౌన్స్ అయితే పదిహేను దాకా పది రోజుల వ్యవధి ఉంది. హెచ్చరిక ఆ పది రోజుల్లో రావాలి. "మీ ఫలానా ఫోన్ తాలూకు జూన్ కిస్తీ 3,000 రూపాయలు జమ కాలేదు. పదిహేనో తారీఖులోగా కట్టకపోతే మీ క్రెడిట్ రిపోర్టులో ఆలస్యంగా నమోదవుతుంది" అని తెలుగులో, లింక్ లేకుండా రావాలి. అమ్మేటప్పుడు తెలుగులో మాట్లాడిన కంపెనీ హెచ్చరించేటప్పుడూ తెలుగులో మాట్లాడగలదు.

మూడోది చివరి కిస్తీ. ఆఖరి గడువు తేదీ దాటాక ఒకటో రెండో కిస్తీలో, చార్జీలో మిగిలిపోతే, రుణగ్రహీత చిరునామాకు రాతపూర్వకంగా తెలియజేసి, అది అందిన రుజువు దగ్గర పెట్టుకున్నాకే ఆ ఖాతాను ఎన్‌పీఏగా క్రెడిట్ సంస్థలకు పంపాలని నియమం పెట్టండి. మొత్తం తీరిన రుణానికి బాకీ లేదన్న పత్రం అడగకుండానే ఫోన్‌కు రావాలి. ఆ పత్రం రాలేదంటే ఏదో మిగిలిందని మనిషికి తెలుస్తుంది. ఇప్పుడు మౌనమే వస్తోంది, ఆ మౌనాన్ని జనం లోన్ అయిపోయిందని అర్థం చేసుకుంటున్నారు.

మీకు రాసిన ఈ ఉత్తరాన్ని మా ఊరివాళ్లూ చదువుతారు కాబట్టి వాళ్లకూ నాలుగు మాటలు చెప్పనివ్వండి.

కిస్తీ బౌన్స్ అయిందని తెలిసిన రోజునే, వచ్చే నెల కోతకోసం చూడకుండా, ఆ ఒక్క కిస్తీని విడిగా కట్టండి. మెసేజ్‌లో వచ్చిన లింక్ ద్వారా వద్దు. అప్పు పత్రంలో ఉన్న కంపెనీ పేరుతో వాళ్ల సొంత యాప్‌లోనో, వెబ్‌సైట్‌లోనో, బ్రాంచిలోనో కట్టి రసీదు తీసుకోండి. బౌన్స్ చార్జీ మీద తగాదా ఉంటే అది తర్వాత చూసుకోవచ్చు, కిస్తీ మాత్రం ముందు వెళ్లిపోవాలి. ఆఖరి కిస్తీ కట్టిన వారం తర్వాత లోన్ స్టేట్‌మెంట్ అడిగి, బాకీ సున్నా అని చూసుకున్నాకే యాప్ తీసేయండి.

ఏడాదికోసారి పూర్తి క్రెడిట్ రిపోర్టును ఉచితంగా పొందే హక్కు మీకుంది. నాలుగు సంస్థలూ విడివిడిగా ఇవ్వాలి. స్కోరు అంకె చూసి ఆగిపోవద్దు. ప్రతి ఖాతా కింద ఉన్న గడులు చదవండి, మీవి కాని ఖాతాలున్నాయేమో చూడండి. స్నేహితుడికి ఫోన్ కావాలని మీ ఆధార్, పాన్ ఇచ్చి తీసిచ్చినా ఆ వరుస మీ రిపోర్టులోనే ఉంటుంది, అతను కట్టకపోతే మచ్చ మీకే.

తప్పు నమోదు కనిపిస్తే ఆ క్రెడిట్ సంస్థకూ, అప్పిచ్చిన కంపెనీకీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ముప్పై రోజుల్లో పరిష్కరించకపోతే ఆపైన రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం రావాలి. అప్పటికీ తెగకపోతే cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, 14448 నంబర్‌కు ఫోన్ చేసి తెలుసుకోవచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. నమోదు నిజమైనదైతే దాన్ని ఎవరూ తుడిచేయలేరు. కొంత డబ్బిస్తే సిబిల్ బాగుచేస్తామనేవాళ్లను నమ్మొద్దు. బాకీ మొత్తం కట్టి, ఖాతా "క్లోజ్డ్" అని పడేలా చూసుకుని, ఆ తర్వాత వచ్చే గడుల్లో సున్నాలు నింపుకుంటూ పోవడమే దారి. పాత మచ్చ నెలనెలా వెనక్కి జరుగుతుంది, దాని బరువు తగ్గుతూ వస్తుంది.

డైరెక్టర్ గారూ, మా దగ్గర ఫోన్ల మీద, టీవీల మీద ఆఫర్లు పోటెత్తేది బతుకమ్మ, దసరా, దీపావళి రోజుల్లో. ఏడాది మొత్తంలో ఎక్కువ ఓటీపీలు ఆ కొన్ని వారాల్లోనే వెళ్తాయి. ఆ కిస్తీలు తప్పడం సంక్రాంతి తర్వాత మొదలవుతుంది, రిపోర్టులు మా ఇంటికి వేసవిలో వస్తాయి. కాబట్టి తనిఖీ పండుగకు ముందే జరగాలి. వరంగల్, హనుమకొండ జిల్లాల్లో కిస్తీల మీద అమ్మే దుకాణాలనూ, వాటిలో కౌంటర్లు పెట్టిన కంపెనీలనూ లీడ్ బ్యాంకు ద్వారా ఒకచోట పిలవండి. తెలుగు పత్రం లేని కౌంటర్ ఈ దసరాకు తెరుచుకోకూడదని వాళ్లకు చెప్పండి. చెప్పినట్టు జరిగిందో లేదో కౌంటర్ దగ్గరికే వచ్చి చూడండి.

భవదీయుడు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
హనుమకొండ